గీతకు అందని మిగులు

గంటకు 4 మైళ్ల వేగంతో వెళ్తున్న కారుకు బ్రేకు వేస్తే ఆగడానికి ఎంత దూరం పడుతుంది? నేను వేసిన లెక్క చెప్పిన జవాబు: మైనస్ 1.85 అడుగులు. అంటే డ్రైవరు బ్రేకు తొక్కిన చోటికి దాదాపు రెండడుగులు వెనక్కి వెళ్లి కారు ఆగుతుందన్నమాట. లెక్కలో కూడికలు, గుణకారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కంప్యూటర్ ఎక్కడా అభ్యంతరం చెప్పలేదు. పైగా ఫలితం పక్కన మూడు నక్షత్రాలు పెట్టి మరీ మెచ్చుకుంది.

ఈ లెక్కకు వాడిన దత్తాంశం గణాంకశాస్త్రం నేర్చుకునేవారు చాలామంది చూసే ఉంటారు. R సాఫ్ట్‌వేర్‌లో `cars` అన్న పేరుతో ముందే ఉంటుంది. 1920లలో నమోదు చేసిన 50 కొలతలు. ఒక్కొక్క వరుసలో కారు వేగం గంటకు మైళ్లలో, ఆగడానికి పట్టిన దూరం అడుగుల్లో. అంతకు మించి ఏమీ లేదు. కొలతలకు తగిన గీతను వెతికే రిగ్రెషన్ అనగానే అందరూ నేరుగా చూసే పట్టికను తెరిస్తే ఇలా ఉంటుంది: దూరం = −17.58 + 3.93 × వేగం. వేగం ఒక మైలు పెరిగితే ఆగే దూరం సుమారు 3.93 అడుగులు పెరుగుతుంది. దూరాల్లోని చెదురులో గీత వివరించే భాగాన్ని చెప్పే R² విలువ 0.65. వాలు నిజానికి సున్నా అయి ఉంటే ఇంత పెద్ద వాలు యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత లక్ష కోట్లలో ఒకటి, రెండు వంతులు. చాలామంది ఇక్కడితో ఆగి నివేదిక రాసేస్తారు. కానీ ఈ పట్టికలో ఎక్కడా లేని సంగతులు రెండు, గీతకు అందకుండా మిగిలిపోయిన భాగంలో ఉన్నాయి. ఆ మిగులునే రెసిడ్యువల్ లేదా శేషం అంటారు. ఈ వ్యాసమంతా దాని గురించే.

ముందు గీత ఎలా వస్తుందో చూద్దాం. ప్రతి కారుకూ కొలిచిన దూరం ఒకటి, గీత చెప్పే దూరం ఒకటి. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే వచ్చేది శేషం. 4 మైళ్ల వేగంతో వెళ్లిన రెండు కార్లలో ఒకటి 2 అడుగుల్లో, ఇంకొకటి 10 అడుగుల్లో ఆగాయి. గీత చెప్పింది −1.85 కాబట్టి వాటి శేషాలు 3.85, 11.85. ఇలా 50 శేషాలనూ వర్గం చేసి కూడితే వచ్చే మొత్తాన్ని వీలైనంత తక్కువ చేసే గీతే మనకు కావలసిన గీత. కనిష్ఠ వర్గాల పద్ధతి అన్న పేరు అందుకే వచ్చింది. లజాండ్ర్ దీన్ని 1805లో ప్రచురించాడు; 1809లో గౌస్ తన గ్రంథంలో దీన్ని వివరిస్తూ, తాను 1795 నుంచే వాడుతున్నానని చెప్పుకున్నాడు. ఎవరు ముందన్న తగవు అలా ఉంచి, గౌస్ చేసిన అసలు పని ఈ పద్ధతిని సంభావ్యతతో ముడిపెట్టడం. మనం మాట్లాడుకోబోయే షరతులకు మూలం అక్కడే ఉంది.

గీత గీయడానికి మాత్రం ఏ షరతూ అక్కర్లేదు. వేగాలన్నీ ఒకటే కాకుండా ఉంటే చాలు, ఏ 50 జతల సంఖ్యలు ఇచ్చినా ఒక గీత వచ్చి తీరుతుంది. వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేయడంలోనే రెండు ఫలితాలు కూడా ఇమిడి ఉన్నాయి: శేషాలన్నీ కూడితే సున్నా వస్తుంది, ఒక్కో శేషాన్నీ దాని వేగంతో గుణించి కూడినా సున్నాయే వస్తుంది. దత్తాంశం మంచిదైనా చెడ్డదైనా, గీత తగినదైనా కాకపోయినా ఈ రెండూ నిజమే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత ఒకచోట చాలా పని చేస్తుంది.

షరతులు అవసరమయ్యేది గీత గురించి ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు. వాలులో అనిశ్చితి ఇంత, రాబోయే కొలత ఈ హద్దుల మధ్య ఉంటుంది, ఈ సంబంధం యాదృచ్ఛికం కాదు అని చెప్పాలంటే షరతులు కావాలి. అవి దోషానికి సంబంధించినవి. దోషం వేరు, శేషం వేరు. దోషం అంటే కొలతకూ నిజమైన, మనకు ఎన్నటికీ కనిపించని గీతకూ మధ్య తేడా. శేషం అంటే కొలతకూ మనం గీసిన గీతకూ మధ్య తేడా. మొదటిది చూడలేం కాబట్టి రెండోదాన్ని దాని బదులుగా పరీక్షిస్తాం. ఈ బదిలీ చాలావరకు పనిచేస్తుంది, కొన్నిచోట్ల దారుణంగా మోసం చేస్తుంది.

షరతులను వరుసగా వల్లించడం కన్నా ఒక చిత్రాన్ని ఊహించుకుంటే తేలిక. గ్రాఫు కాగితాన్ని నిలువుగా సన్నని పట్టీలుగా కోశాం అనుకుందాం. ఒక్కో పట్టీలో దాదాపు ఒకే వేగంతో వెళ్లిన కార్లు ఉంటాయి. ఒక పట్టీలోని దోషాల సగటు సున్నా కావాలి. ఈ పట్టీలో, ఆ పట్టీలో అని కాదు, ప్రతి పట్టీలోనూ. గీత ఆకారం సరైనదే అన్నమాటకు అర్థం ఇదే. రెండోది, అన్ని పట్టీల్లోనూ దోషాలు ఒకే మేర చెదిరి ఉండాలి. మూడోది, ఒక కారు దోషం తెలిసినంత మాత్రాన పక్క కారు దోషం గురించి ఏమీ తెలియకూడదు. ఈ మూడూ ఉంటే, దత్తాంశం మీద సరళంగా ఆధారపడి, నిష్పాక్షికంగా ఉండే అంచనాలన్నింటిలో కనిష్ఠ వర్గాల అంచనాకే విస్తృతి తక్కువ. గౌస్–మార్కోవ్ సిద్ధాంతం చెప్పేది ఇంతే. ఇందులో గంట ఆకారపు నార్మల్ విభాజనం ఊసే లేదు. అది నాలుగో షరతు, చిన్న దత్తాంశాల్లో సంభావ్యతలను కచ్చితంగా లెక్కించడానికీ, ఒక్కొక్క కొలతకు హద్దులు చెప్పడానికీ కావలసినది. అయినా వేగాల హిస్టోగ్రామ్ గీసి, అది గంటలా లేదని బెంగపడేవాళ్లను నేను చాలామందిని చూశాను. వేగాలు ఏ ఆకారంలో ఉన్నా ఫర్వాలేదు. దూరాలు కూడా అంతే. షరతు దోషాల మీదే.

ఇప్పుడు ఆ పట్టీలను నిజంగానే కోసి చూద్దాం. అడ్డ అక్షం మీద గీత చెప్పిన దూరం, నిలువు అక్షం మీద శేషం, సున్నా దగ్గర ఒక చుక్కల గీత. R లో ఇది రెండు పంక్తుల పని:

```r
fit <- lm(dist ~ speed, data = cars)
plot(fitted(fit), resid(fit)); abline(h = 0, lty = 2)
```

అన్నీ సక్రమంగా ఉంటే ఈ గ్రాఫులో చూడదగ్గది ఏమీ ఉండకూడదు. చుక్కలు సున్నా గీతకు అటూ ఇటూ, ఎడమ నుంచి కుడి దాకా ఒకే వెడల్పున్న చారలా చెల్లాచెదురుగా ఉండాలి. ఎక్కడ కన్ను నిలిచినా అది ఒక ప్రశ్న కిందే లెక్క. `cars` గ్రాఫులో కన్ను రెండు చోట్ల నిలుస్తుంది.

మొదటిది వంపు. గంటకు 10 మైళ్లు, అంతకు తక్కువ వేగంతో వెళ్లిన 9 కార్ల శేషాల సగటు +3.2 అడుగులు. 11 నుంచి 14 మైళ్ల మధ్య ఉన్న 14 కార్లకు +1.4. 15 నుంచి 20 దాకా ఉన్న 20 కార్లకు −4.9; వాటిలో 13 సున్నా గీతకు కిందే ఉన్నాయి. 22, ఆపైన వేగంతో వెళ్లిన 7 కార్లకు మళ్లీ +7.2. ఎడమ చివర పైకి, మధ్యలో కిందికి, కుడి చివర పైకి: ఇది ఊయల ఆకారం. అంటే నిజమైన సంబంధం పైకి వంగుతుంటే మనం దాని మీద ఒక తిన్నని కర్రను పెట్టాం. కర్ర చివర్లలో వంపుకు కిందుగా, మధ్యలో వంపుకు పైగా ఉంటుంది. గీత మొదట్లో నేల కిందికి దిగి మైనస్ దూరాలు చెప్పడానికి కారణం కూడా ఇదే. కుడివైపు పైకి ఎక్కాలన్న ఒత్తిడితో వాలు నిటారైంది, దాని ఫలితంగా ఎడమ చివర సున్నా దాటి కుంగింది.

ఈ వంపు ఎందుకు ఉండాలో భౌతికశాస్త్రం ముందే చెబుతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు తొక్కేలోపు గడిచే క్షణంలో కారు వేగానికి అనులోమంగా దూరం వెళ్తుంది. బ్రేకు పట్టుకున్నాక ఆగడానికి పట్టే దూరం వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది, ఎందుకంటే బ్రేకులు హరించవలసిన గతిశక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. ఈ జ్ఞానం లేకుండా గ్రాఫును మాత్రమే చూస్తే వంపు ఉందా లేదా అని తటపటాయించవలసిందే, ఎందుకంటే చుక్కల చెదురు ఎక్కువ. నిజానికి వేగపు వర్గాన్ని అదనంగా చేర్చి, వేగం సున్నా దగ్గర గీత చెప్పే విలువను, అంటే అంతరఖండాన్ని కూడా అలాగే ఉంచి పరీక్షిస్తే, ఆ పదానికి వచ్చే p విలువ 0.136; అంటే ఆ పదం నిజానికి సున్నా అయినా ఇంత పెద్దది యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత అది. అలవాటుగా వాడే 0.05 గీత దగ్గర ఈ పరీక్ష "వంపు ఉన్నట్టు ఆధారం లేదు" అని పంపించేస్తుంది. 50 చుక్కలు మూడు గుణకాలను స్పష్టంగా విడదీయలేకపోయాయన్నదే దాని అసలు అర్థం. వంపు లేదని కాదు.

కన్ను నిలిచే రెండో చోటు విసనకర్ర. ఎడమవైపు చుక్కలు దగ్గరదగ్గరగా, కుడివైపు దూరదూరంగా పరచుకుంటాయి. 10 మైళ్ల లోపు కార్లలో ఏ శేషమూ 12.3 అడుగులు దాటలేదు. 24 మైళ్ల దగ్గర ఒకే వేగంతో వెళ్లిన నాలుగు కార్లు 70, 92, 93, 120 అడుగుల్లో ఆగాయి. చివరి దాని శేషం 43.2. పట్టీల వారీగా శేషాల వర్గాల సగటు తీసి వర్గమూలం కడితే, 10 మైళ్ల లోపు వాటికి సుమారు 8 అడుగులు, 22 మైళ్లు, ఆపైన వాటికి సుమారు 20. వెడల్పు రెండున్నర రెట్లు పెరిగిందన్నమాట. దీనికీ కారణం వెతకడం కష్టం కాదు. ఒక డ్రైవరు పావు సెకను ఆలస్యంగా స్పందించాడనుకుందాం. 4 మైళ్ల వేగంలో ఆ ఆలస్యం ఖరీదు అడుగున్నర. 24 మైళ్ల వేగంలో దాదాపు తొమ్మిది అడుగులు. బ్రేకుల నాణ్యతలో తేడా ఇంకా వేగంగా పెరుగుతుంది. మనిషికీ మనిషికీ, కారుకూ కారుకూ మధ్య తేడా వేగంతో గుణించబడుతున్నప్పుడు చెదురు సమానంగా ఎలా ఉంటుంది?

ఈ విసనకర్ర వల్ల నష్టం ఏమిటన్నది విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు నష్టాలు కలగాపులగం అవుతుంటాయి. చెదురు అసమానంగా ఉన్నంత మాత్రాన వాలు ఒక పక్కకు ఒరిగిపోదు. గీత ఆకారం సరైనదైతే వాలు సగటున సరిగ్గానే వస్తుంది. తప్పేది దాని పక్కన వేసే ప్రామాణిక దోషం, అంటే వాలులోని అనిశ్చితికి కొలత. దీనికి మందు ఉంది: చెదురు సమానమన్న నమ్మకం లేకుండా లెక్కకట్టే ప్రామాణిక దోషాలు. 1980లో ఆర్థికవేత్త వైట్ రాసిన పత్రం తర్వాత ఇవి బాగా వ్యాప్తిలోకి వచ్చాయి, ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ దొరుకుతాయి. అయితే ఈ మందు రెండో నష్టాన్ని తాకను కూడా తాకదు. అది ఒక్కొక్క కారు గురించి చెప్పే హద్దులది. మొత్తం దత్తాంశానికి గీత లెక్కకట్టిన ఒకే ఒక్క చెదురు 15.38 అడుగులు. దాంతో ప్రతి వేగం దగ్గరా అంచనాకు అటూ ఇటూ సుమారు 31 అడుగుల హద్దు వేస్తుంది. నెమ్మదిగా వెళ్లే కారుకు అది మరీ ఎక్కువ, −33 నుంచి +29 దాకా అని చెప్పడంలో అర్థం లేదు. వేగంగా వెళ్లే కారుకు అది చాలదు. ఈ లెక్కను నమ్మి ముందు కారుకు ఎంత ఎడం ఇవ్వాలో నిర్ణయిస్తే, తప్పు జరిగేది సరిగ్గా ఎక్కువ ప్రమాదం ఉన్న వేగాల దగ్గర.

వంపు, విసనకర్ర రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయి కాబట్టి రెంటికీ ఒకే చికిత్స సరిపోవచ్చు. దూరం వేగపు వర్గంలా పెరుగుతుంటే, దూరానికి వర్గమూలం తీస్తే అది వేగంతో తిన్నగా పెరగాలి. పెద్ద దూరాలను వర్గమూలం బాగా కుదిస్తుంది కాబట్టి చెదురు కూడా సర్దుకోవాలి. చేసి చూస్తే వచ్చే గీత: √దూరం = 1.277 + 0.322 × వేగం. ఇప్పుడు మళ్లీ అవే పట్టీలను కోశాను. 10 మైళ్ల లోపు కార్లలో శేషాల వర్గాల సగటుకు వర్గమూలం 0.98, 22 మైళ్లు, ఆపైన ఉన్న వాటిలోనూ దాదాపు అంతే. విసనకర్ర ముడుచుకుపోయింది. వంపు కూడా చాలావరకు సర్దుకుంది: ఇంతకు ముందు −4.9 అడుగులున్న మధ్య పట్టీ ఇప్పుడు −0.23 దగ్గర ఉంది, మొత్తం చెదురు 1.10 అన్నప్పుడు ఇది చిన్నదే. 4 మైళ్ల కారుకు కొత్త గీత చెప్పే దూరం, తిరిగి వర్గం చేస్తే, 6.6 అడుగులు. కొలిచినవి 2, 10. ఇది మనిషి నమ్మదగ్గ సంఖ్య.

ఒక చిన్న హెచ్చరిక మాత్రం ఉంది. వర్గమూలాల సగటును వర్గం చేస్తే దూరాల సగటు రాదు, దానికన్నా కొంచెం తక్కువ వస్తుంది. వచ్చేది మధ్యగతానికి దగ్గర. ఆ మాట నివేదికలో రాయకుండా "సగటు దూరం" అనేస్తే అబద్ధం అవుతుంది. అలాగే పాత R² 0.65, కొత్త R² 0.71 అని రెంటినీ పక్కపక్కన పెట్టి కొత్తది గెలిచిందనడం కూడా కుదరదు. ఒకటి అడుగుల్లోని చెదురులో భాగం, ఇంకొకటి అడుగుల వర్గమూలాల్లోని చెదురులో భాగం. కొత్త గీత మేలని చెప్పేది ఆ అంకె కాదు, పట్టీలు.

నాకు ఇంకా నచ్చిన దారి వేరే ఉంది. రూపాంతరం చేయకుండా భౌతికశాస్త్రం చెప్పినట్టే రాయడం: దూరం = a × వేగం + b × వేగం². అంతరఖండం అక్కర్లేదు, కదలని కారుకు ఆగడానికి దూరం పట్టదు కనుక. ఇదీ కనిష్ఠ వర్గాల సరళ రిగ్రెషనే. సరళం అన్నది గుణకాల గురించిన మాట. గీత వంగినా ఫర్వాలేదు. జవాబు a = 1.239, b = 0.0901 అని వస్తుంది. గంటకు ఒక మైలు అంటే సెకనుకు 1.467 అడుగులు. కాబట్టి a ని స్పందించడానికి పట్టిన సమయంగా చదివితే సుమారు 0.84 సెకను. b ని బ్రేకుల మందగమనంగా చదివితే సెకనుకు సెకనుకు సుమారు 12 అడుగులు, గురుత్వ త్వరణంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. మనుషుల స్పందనకూ, ఆనాటి బ్రేకులకూ ఇవి నప్పే సంఖ్యలే. 3.93 అన్న మొదటి వాలుకు ఇలాంటి అర్థం ఏదీ లేదు. అది వంపును ఆ 50 కార్ల వేగాల మీద సగటు చేసిన సంఖ్య మాత్రమే, కార్లు మారితే మారుతుంది. అయితే a కు ప్రామాణిక దోషం 0.56, చాలా ఎక్కువ. విసనకర్ర కూడా ఇందులో అలాగే ఉంటుంది. వేగం ఎక్కువున్న కొలతలకు తక్కువ బరువు ఇచ్చి మళ్లీ లెక్కిస్తే తప్ప అది పోదు.

ఇంతవరకూ గ్రాఫు చూపించినవి చెప్పాను. ఇక అది చూపించలేనివి. నేర్చుకునే రోజుల్లో నేనే ఒక పొరపాటు చేశాను: శేషాలను గీత అంచనా మీద కాకుండా కొలిచిన విలువ మీద గీశాను. చక్కగా పైకి ఎక్కే చార కనిపించింది, నమూనా పాడైపోయిందని రెండు రోజులు తల పట్టుకున్నాను. నిజానికి ఆ చార ప్రతి రిగ్రెషన్‌లోనూ ఉంటుంది. శేషానికీ కొలిచిన విలువకూ మధ్య సహసంబంధం ఎప్పుడూ √(1 − R²). `cars` విషయంలో అది 0.59. ఎక్కువ దూరం వెళ్లి ఆగిన కారుకు శేషం కూడా ఎక్కువగా ఉండటం సహజమే కదా, ఆ దూరంలోనే శేషం కలిసి ఉంది. అడ్డ అక్షం మీద అంచనా విలువ పెట్టినప్పుడే ఈ సహసంబంధం సున్నా అవుతుంది, అప్పుడే కనిపించే ఆకారానికి అర్థం ఉంటుంది.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న సంగతికి వద్దాం: శేషాలను వేగాలతో గుణించి కూడితే సున్నా. మంచి బ్రేకులున్న కార్లనే ఎక్కువ వేగంతో పరీక్షించారనుకుందాం. అప్పుడు వేగం పెరిగినకొద్దీ దోషాల సగటు కిందికి జారుతుంది. పట్టీల మొదటి షరతు ఘోరంగా తప్పింది. గ్రాఫులో ఏమి కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. ఆ జారుడు తిన్నగా ఉన్నంతవరకూ గీత దాన్ని మొత్తం మింగేసి, వాలును ఆ మేరకు తగ్గించుకుని, శేషాలను శుభ్రంగా కడిగి మన ముందు పెడుతుంది. శేషాలకు వేగంతో తిన్నని సంబంధం లేకుండా చేయడమే కదా కనిష్ఠ వర్గాల పని. దోషంలో ఉన్నది శేషంలో కనిపించకపోవడం అంటే ఇదే. ఎంత చక్కని గ్రాఫు చూసినా, నమూనాలో చేర్చని కారకం వాలును వంచలేదని చెప్పలేం. బ్రేకుల వివరాలు విడిగా రాసి ఉంటే నమూనాలో చేర్చవచ్చు. లేదా పరీక్షకు ముందే ఏ కారుకు ఏ వేగమో చీటీలు తీసి నిర్ణయించవచ్చు. రెండూ గ్రాఫుకు బయటి పనులే.

స్వతంత్రత సంగతీ ఇంచుమించు ఇలాంటిదే. ఒకే డ్రైవరు వరుసగా పది పరీక్షలు చేస్తే బ్రేకులు వేడెక్కి ఒక్కో దూరం అంతకు ముందు దానికి దగ్గరగా వస్తుంటుంది. అది కనిపించాలంటే శేషాలను కొలిచిన క్రమంలో గీయాలి. అప్పుడు ఒకే పక్క శేషాలు గుంపులుగా వస్తాయి. `cars` పట్టికను వేగం ప్రకారం పేర్చేశారు, కాబట్టి కొలిచిన క్రమం ఏమిటో తిరిగి రాబట్టే వీల్లేదు. దత్తాంశం సేకరించేవారు తేదీ, వరుస సంఖ్య రాసిపెట్టకపోతే ఈ షరతును పరీక్షించే దారి అక్కడే మూసుకుపోతుంది.

మరో మోసం దూరంగా ఒంటరిగా నిలిచిన చుక్కది. 1973లో గణాంకశాస్త్రవేత్త ఆన్స్‌కోమ్ కావాలనే తయారుచేసిన నాలుగు చిన్న దత్తాంశాలున్నాయి, ఒక్కోదానిలో 11 చుక్కలు. నాలుగింటికీ గీత ఒకటే: y = 3 + 0.5x, R² కూడా నాలుగింటిలో 0.67. నాలుగోదానిలో పది చుక్కలు x = 8 దగ్గర నిలువుగా పేర్చి ఉంటాయి, పదకొండోది ఒక్కటే x = 19 దగ్గర. గీత ఆ ఒక్క చుక్క గుండానే పోతుంది, దాని శేషం సున్నా. మొత్తం వాలును నిర్ణయించిన చుక్క శేషాల గ్రాఫులో అందరికన్నా అమాయకంగా కనిపిస్తుంది. ఇలాంటి చుక్కను పట్టుకోవాలంటే శేషంతో పాటు లీవరేజ్ కూడా చూడాలి, అంటే ఆ చుక్క x విలువ మిగతా వాటికి ఎంత దూరంలో ఉందన్నది. `cars` లో వేగాలు 4 నుంచి 25 దాకా కాస్త పరుచుకుని ఉండటం వల్ల ఈ బాధ లేదు.

చివరికి వర్గమూలాల గీత దగ్గర మిగిలిపోయినది ఒక్క చుక్క. మొదటి గ్రాఫులో అన్నిటికన్నా పైన నిలిచిన, 120 అడుగుల్లో ఆగిన కారు కొత్త గ్రాఫులో గుంపులో కలిసిపోయింది. దాని శేషం ఇప్పుడు చెదురుకు రెండు రెట్ల లోపే. దాని స్థానంలోకి 23వ వరుస వచ్చింది: 14 మైళ్ల వేగం, 80 అడుగులు. అదే వేగంతో వెళ్లిన మిగతా మూడు కార్లు 26, 36, 60 అడుగుల్లో ఆగాయి. దీని శేషం చెదురుకు సుమారు 2.9 రెట్లు. రోడ్డు తడిగా ఉందో, డ్రైవరు ఆలోచనలో ఉన్నాడో, అంకె తప్పు రాశారో. దాన్ని తీసేసి గీత మళ్లీ గీస్తే వాలు పెద్దగా మారదు, కాబట్టి తీయకుండా ఉంచాను, పక్కన ఒక గుర్తు పెట్టాను. కారణం కోసం పట్టికలోకి తిరిగి వెళ్తే అక్కడ ఉన్నవి రెండే నిలువు వరుసలు, వేగం, దూరం.